పదహారేళ్ల పిల్లకు టారో చెప్పొచ్చా?

సమస్య: విజయవాడలో ఇంటి దగ్గరే టారో చెప్తుంటాను. పదో తరగతి ఫలితాలయ్యాక మా అపార్ట్‌మెంట్‌లో ఉండే పదహారేళ్ల అమ్మాయి ఒక్కతే వచ్చింది. ఎంపీసీనా బైపీసీనా, ట్యూషన్లో ఉన్నతనికి నేనంటే ఇష్టమేనా, రాత్రి తొమ్మిదికల్లా ఫోన్ లాక్కునే అమ్మ ఎప్పటికి మారుతుంది? ఇవీ ప్రశ్నలు. అతని గురించి తీస్తే త్రీ ఆఫ్ సోర్డ్స్ వచ్చింది. పిల్ల మొహం వాడిపోయింది. ఏదో సర్దిచెప్పి పంపేశాను. మళ్లీ వస్తానంది. ఏం చేయాలి మేడమ్?

సలహా: ఈసారి వాళ్లమ్మకో నాన్నకో తెలిసి రమ్మనండి. వాళ్లు సరేనన్నాకే కూర్చోబెట్టండి. పిల్ల చెప్పింది ఇంట్లో చెప్పననీ, ప్రమాదం కనిపిస్తే మాత్రం దాచననీ ఇద్దరి ముందూ మొదటే అనేయండి.

ఎర్రటి గుండెలో దిగిన మూడు కత్తులు, వెనక మబ్బులు, వాన. ఆ బొమ్మ చూసి పెద్దవాళ్లు కాసేపు బాధపడి సర్దుకుంటారు. ఆ వయసు పిల్లకు మాత్రం అదే తీర్పు. రేపు అతను పుస్తకంలో తలదూర్చి పలకరించకపోయినా "కార్డు ముందే చెప్పింది" అనుకుంటుంది. అందుకే ఎదురుగా లేని మనిషి మనసు చదవకండి. ప్రశ్నే మార్చండి: "ఈ ఇష్టంలో నన్ను ఇబ్బంది పెడుతున్నదేంటి?" దానికి అదే కార్డు వచ్చినా "ఏ మాట గుచ్చుకుందమ్మా?" అని అడగొచ్చు. ఇక మాట్లాడేది ఆ పిల్లే.

గ్రూపు ఏదో కార్డు తేల్చకూడదు. లెక్కలు వదిలి బైపీసీలో చేరితే కంప్యూటర్స్ బీటెక్ దారి దాదాపు మూసుకుపోయినట్టే. కార్డు మాట విని ఆ నష్టం మోసేది తనే. మూడు కార్డులు తీయించండి: లెక్కల్లో నన్ను లాగేది, బయాలజీలో లాగేది, ఇందులో నాది కాని కోరిక. మూడోచోట సింహాసనం మీద కూర్చున్న ఎంపరర్ వచ్చిందనుకోండి, "ఈయన ఎవరనిపిస్తోంది?" అనండి. "నాన్న" అంటే, నాన్నతో ఏం మాట్లాడాలో కలిసి ఆలోచించండి. మార్కుల సంగతి లెక్కల మాస్టారినే అడగమనండి.

ఫోన్ విషయంలో ఎవరి పక్షమూ వద్దు. అమ్మ ఎప్పుడు మారుతుందో కాదు, తొమ్మిది తర్వాత ఫోన్ దేనికి కావాలో, ఆ మాట అమ్మతో ఎలా మొదలుపెట్టాలో చూడండి.

ఒకవేళ "ట్యూషన్లో ఉన్నతను" చదువు చెప్పే సారని తేలినా, ఫొటోలు పంపమని అడిగాడన్నా, ఒంటిమీద చెయ్యి వేశాడన్నా కార్డులు పక్కన పెట్టేయండి. పద్దెనిమిది నిండని పిల్లపై లైంగిక నేరం జరిగిందని తెలిస్తే, 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. దాచడం నేరం. ఏం చేయాలో తోచకపోతే 1098కి ఫోన్ చేయండి. చచ్చిపోవాలనుందని అంటే టెలీ మానస్ 14416కి కలిపి, ఇంట్లోవాళ్లు వచ్చేదాకా తన పక్కనే ఉండండి.