ఒకే ప్రాజెక్టు.. లింక్డిన్‌కు ఒకలా, ఇన్‌స్టాకు మరోలా

కోటబొమ్మాళి, టెక్కలి ప్రాంతాల నుంచి డిగ్రీ పూర్తిచేసి కంటెంట్, డిజిటల్ మార్కెటింగ్ ఉద్యోగాలకు ప్రయత్నించే వారికి చూపించుకోవడానికి పాత అనుభవం ఉండదు. చేసిన పని మాత్రం ఉంటుంది. మొదటి ఏడాది తర్వాత చేసే కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు అలాంటిదే. ఆ నివేదికను స్లైడ్లుగా మార్చి లింక్డిన్‌లోనూ ఇన్‌స్టాగ్రామ్‌లోనూ పెట్టొచ్చు. అయితే చాలామంది ఒకే స్లైడ్లను రెండుచోట్లా పెట్టేస్తారు. అక్కడే దెబ్బతింటారు.

ఉదాహరణకు, కోటబొమ్మాళి అమ్మాయి ఒకరు తమ జిల్లాలోని పొందూరు ఖద్దరు మీద ప్రాజెక్టు చేశారనుకుందాం. అక్కడ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, చేతి రాట్నం మీద సన్నని నూలు వడుకుతారు. ఈ సమాచారం రెండుచోట్లా ఎలా మారుతుందో చూద్దాం.

లింక్డిన్: నివేదికలా చదువుతారు

లింక్డిన్‌లో స్లైడ్లను పీడీఎఫ్‌గా అప్‌లోడ్ చేయాలి. 300 పేజీల వరకూ అనుమతి ఉన్నా, 8 నుంచి 10 పేజీలు చాలు. ఇక్కడ చదివేది ఉద్యోగం ఇవ్వగలిగిన మనిషి. ఆయనకు చేప దవడ కంటే మీరు పనిచేసిన తీరు ముఖ్యం. అందుకే మొదటి పేజీలో విషయం సూటిగా చెప్పాలి: ‘పొందూరు నూలు పని: వడికేవారిని అడిగి తెలుసుకున్నది’. రెండో పేజీలో ఎందుకు వెళ్లారు, ఎవరిని కలిశారు, ఏం అడిగారు అన్నది రాయాలి. తర్వాతి నాలుగు పేజీల్లో దువ్వడం నుంచి నేత వరకూ ఒక్కో దశ, ఆపై రెండు పేజీల్లో మీరు గమనించిన సమస్య, మీ సూచన వస్తాయి. చివరి పేజీలో ఈ పనిలో మీ వంతు ఏమిటో, ఎలాంటి ఉద్యోగం కోరుతున్నారో చెప్పాలి.

వాక్యాలు పూర్తిగా ఉండాలి, పేజీకి మూడు నాలుగు మించకూడదు. ‘అద్భుతం’, ‘అమోఘం’ లాంటి మాటలు వద్దు. ‘వడికేవారితో మాట్లాడాను, ప్రశ్నలు నేనే తయారుచేశాను’ అంటే నమ్మకం కలుగుతుంది. ఇతర రాష్ట్రాల కంపెనీలు కూడా చూడాలనుకుంటే ఇది ఇంగ్లిష్‌లో ఉండటం మేలు. తెలుగులోనే పెడితే పీడీఎఫ్‌లో ఒత్తులు విడిపోయాయేమో ఫోన్‌లో తెరిచి చూడండి. పోస్టు చేశాక ఫైలు మార్చడం కుదరదు. తప్పుంటే మొత్తం తీసేసి మళ్లీ పెట్టాలి. చూసినవారు పీడీఎఫ్‌ను దించుకోగలరు కూడా. కాబట్టి నేతకారుల ఫోన్ నంబర్లు అందులో ఉండకూడదు.

ఇన్‌స్టాగ్రామ్: బొమ్మ ఆపితేనే మాట

2017లో 10 చిత్రాలతో మొదలైన ఇన్‌స్టా స్వైప్ పోస్టులో 2024 నుంచి 20 వరకూ పెట్టొచ్చు. మనకు 6 లేదా 7 చాలు. ఇక్కడ చూసేది వేలితో పైకి తోసుకుంటూ పోయే స్నేహితులు, ఊరివాళ్లు. వాళ్లను ఆపేది చేప దవడ ఫొటోనే. దాని మీద ఒకే వాక్యం: ‘ఈ చేప దవడతో పత్తి దువ్వుతారు. ఎక్కడో తెలుసా?’ రెండో చిత్రం మీద ‘మన పొందూరులోనే!’ అని ఉంటే, దువ్వుతున్న చేతుల ఫొటో మిగతాది చెబుతుంది. తర్వాత రాట్నం, నూలు, మగ్గం, పంచె. ఒక్కో ఫొటోకు ఏడెనిమిది మాటలు. చివర్లో ‘మీ ఇంట్లో పొందూరు పంచె ఎవరు కట్టేవారు?’ అని అడిగితే కామెంట్లు వస్తాయి.

రెండో చిత్రాన్ని ప్రత్యేకంగా చూసుకోవాలి. మొదటిసారి తోసుకుపోయిన వారికి ఇన్‌స్టా అదే పోస్టును రెండో చిత్రంతో మళ్లీ చూపించవచ్చు. అందుకే ‘మన పొందూరులోనే!’ కింద ‘చేప దవడతో పత్తి దువ్వడం’ అని చిన్నగా రాయాలి. అప్పుడు మొదటిది చూడనివారికీ అర్థమవుతుంది. ప్రాజెక్టు ఎలా చేశారన్నది కింద క్యాప్షన్‌లో రెండు వాక్యాల్లో రాస్తే సరిపోతుంది.

తేడా ఎలా తెలుస్తుంది?

1080 x 1350 కొలతలో చేస్తే రెండుచోట్లా పనికొస్తుంది. కొలత ఒకటే అయినా మాటలు మార్చాలి. పరీక్ష సులువే. ఇన్‌స్టా చిత్రాల్లో మాటలన్నీ చెరిపేసినా కథ కొంతైనా తెలియాలి. లింక్డిన్ పేజీల్లో ఫొటోలు తీసేసినా మీరేం చేశారో తెలియాలి. తెలియలేదంటే ఒకచోట రాయాల్సింది మరోచోట రాసినట్టే.

ఫలితం కూడా వేరుగానే చూడాలి. ఇన్‌స్టాలో ఎందరు దాచుకున్నారు, ఎందరు పంపుకున్నారు అన్నది లెక్క. లింక్డిన్‌లో లైకులు తక్కువొచ్చినా, మీ రంగంలోవారు ప్రొఫైల్ చూసి సందేశం పంపితే పోస్టు పనిచేసినట్టే. ఇంటర్వ్యూకి వెళ్లేటప్పుడు ఈ రెండు పోస్టులనూ పక్కపక్కన పెట్టి చూపండి. ఒకే విషయాన్ని ఇద్దరు వేర్వేరు పాఠకులకు చెప్పగలరనడానికి అంతకంటే రుజువు అక్కర్లేదు.