బాబాయ్ అడిగింది సగటు ఒక్కటే

మాది నూజివీడు పక్క ఊరు. బాబాయ్‌కి మామిడి తోట ఉంది, ఎక్కువ చెట్లు బంగినపల్లివే. మొన్న ఆయన ఫోన్‌లో రాసుకున్న లెక్కంతా కాపీ చేసి నాకు వాట్సాప్‌లో పంపారు. కింద ఒకే లైను: "సగటు రేటు ఎంతో చెప్పరా, అంతే చాలు." పంపింది ఇదీ:

```
బంగినపల్లి లెక్క
ఏప్రిల్ 18 - 42000 టన్ను
ఏప్రిల్ 22 - 38/కేజీ
ఏప్రిల్ 27 - 3,500 క్వింటా
మే 2 - గాలికి రాలినవి 12 కేజీ
మే 6 - 30 వేలు టన్ను
మే 9 - లేదు (లారీ రాలేదు)
మే 13 - 28000
```

సీఎస్ చదువుతున్నాం కదా, కాలిక్యులేటర్ తీయడం నామోషీ అనిపించింది. మూడు లైన్ల పైథాన్ రాశాను. `text` అంటే పై మెసేజ్ మొత్తం.

```python
import re
nums = re.findall(r"\d+", text)
print(sum(map(int, nums)) / len(nums))
```

ఆన్సర్ 5048.57 అని వచ్చింది. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. పంపించేద్దామని టైప్ కూడా చేశాను. ఇంతలో ఒక డౌట్ వచ్చింది. 5048 అంటే దేనికి? టన్నుకైతే కిలో 5 రూపాయలు. ఆఖరికి రాలిన కాయ కూడా కిలో 12కి పోయింది. క్వింటాకైతే కిలో 50 దాటుతుంది. సీజన్ మొత్తంలో ఏ రోజూ అంత రేటు లేదు. సగటు ఎప్పుడూ అన్నిటికంటే చిన్న విలువకీ అన్నిటికంటే పెద్ద విలువకీ మధ్యలోనే ఉండాలి. బయటికొచ్చిందంటే లెక్కలో తేడా ఉన్నట్టే. దీనికి కోడ్ అక్కర్లేదు, పది సెకన్లు చూస్తే చాలు.

ఏం జరిగిందో చూద్దాం. నా కోడ్‌కి అంకె కనిపిస్తే చాలు, అది రేటు. అందుకే 18, 22, 27 లాంటి తేదీలు కూడా రేట్లయిపోయాయి. "3,500"లో కామా దగ్గర తెగి 3, 500 అని రెండు ముక్కలయ్యాయి. "30 వేలు"లో వేలు అక్షరాల్లో ఉంది కాబట్టి ఒట్టి 30 మిగిలింది. లారీ రాని రోజు నుంచి కూడా 9 వచ్చి చేరింది. మొత్తం 14 అంకెలు వచ్చాయి. అసలు రేట్లు ఆరే.

ఒకే తోట లెక్కలో మూడు కొలతలు ఎందుకున్నాయంటే, బాబాయ్ ఎవరి నోట రేటు ఎలా వింటే అలాగే రాసుకున్నారు. విజయవాడ దగ్గర నున్న మార్కెట్‌లో మామిడి రేటు టన్నుల్లో మాట్లాడతారు. కేంద్ర ప్రభుత్వ ఆగ్‌మార్క్‌నెట్ సైటు చూస్తే రేట్లు క్వింటాళ్లలో ఉంటాయి. రోడ్డు పక్కన కొనేవాళ్లు కిలో ఎంతని అడుగుతారు. ఆయన మనసులో ఇవన్నీ ఒకటే. రాతలోనే వేరు.

కాబట్టి మొదటి పని అన్నిటినీ ఒకే కొలతలోకి తేవడం. టన్ను అంటే 1000 కిలోలు, క్వింటా అంటే 100 కిలోలు. కిలో లెక్కన వరసగా 42, 38, 35, 12, 30 వచ్చాయి. చివరి 28000కి కొలత రాయలేదు. క్వింటా అనుకుంటే కిలో 280 అవుతుంది, మిగతావాటి పక్కన అది అసలు నిలబడదు. టన్ను అనుకుంటే 28, సరిపోతుంది. అయినా ఊహించుకుని ఊరుకోకుండా ఫోన్ చేశాను. "టన్నేరా, ఇంకేముంటది!" అన్నారు.

మే 9న అమ్మకమే లేదు. దాన్ని సున్నా అని వేస్తే ఆ రోజు కాయ ఉచితంగా ఇచ్చినట్టు అవుతుంది. "లేదు" వేరు, "సున్నా" వేరు. అందుకని ఆ లైను తీసేశాను.

ఇక మిగిలింది రాలిన కాయ. దాన్ని కలిపితే ఆరు రేట్ల సగటు 30.83. తీసేస్తే ఐదింటి సగటు 34.60. రెండు లెక్కలూ కరెక్టే! ఏది చెప్పాలన్నది అంకెల్లో లేదు, ఆయన ఎందుకు అడిగారన్న దాంట్లో ఉంది. అప్పుడు అడిగాను, "సగటు దేనికి బాబాయ్?" అని.

వచ్చే సీజన్‌కి ఒక వ్యాపారి బేరం పెట్టాడట. చెట్టు మీద కోసిన బంగినపల్లి మొత్తం కిలో 33 చొప్పున తీసుకుంటానన్నాడు. రాలినవి వద్దన్నాడు. మన సగటు అంతకంటే ఎక్కువుంటే ఒప్పుకోకూడదని బాబాయ్ ఆలోచన. అంటే రాలిన కాయ తీసేయాల్సిందే. 34.60 అంటే 33 కంటే ఎక్కువ. బేరం వద్దనేయొచ్చు అన్నమాట.

కానీ ఇక్కడే అసలు తప్పు జరగబోయింది. ఏ రోజు ఎంత సరుకు పోయిందో ఆ మెసేజ్‌లో లేదు. మళ్లీ అడిగి రాసుకున్నాను. వరసగా అర టన్ను, ఒక టన్ను, రెండు టన్నులు, మూడు టన్నులు, మూడున్నర టన్నులు. సీజన్ మొదట్లో కాయ తక్కువ, రేటు ఎక్కువ. తర్వాత కాయ ముమ్మరంగా దిగింది, రేటు పడింది. మామూలు సగటు అర టన్నుకి అమ్మిన 42నీ, మూడున్నర టన్నులకి అమ్మిన 28నీ సమానంగా చూస్తుంది. అందుకే అసలుకంటే పైకి చూపిస్తుంది. ఇలాంటప్పుడు వెయిటెడ్ యావరేజ్ కావాలి. పేరు పెద్దది గానీ పని చిన్నది: వచ్చిన డబ్బు మొత్తాన్ని అమ్మిన కిలోలతో భాగించడమే.

```
42 × 500  =  21,000
38 × 1000 =  38,000
35 × 2000 =  70,000
30 × 3000 =  90,000
28 × 3500 =  98,000
మొత్తం      3,17,000 రూపాయలు, 10,000 కిలోలు
```

కిలోకి 31.70. ఇప్పుడు వ్యాపారి చెప్పిన 33 ఎక్కువయింది! 34.60కీ 31.70కీ తేడా 2.90 అంటే చిన్నదిగా కనిపిస్తుంది, పది టన్నులకి లెక్కేస్తే 29,000 రూపాయలు.

ఇంకోటి కూడా ఉంది. ఈ 31.70 మార్కెట్‌లో పలికిన రేటు. అందులోంచి కోత కూలి, లారీ కిరాయి, కమీషన్ పోవాలి. వ్యాపారి తోటలోనే కాటా వేసుకుని, కోతా రవాణా తనే చూసుకుంటే 33 చేతికొచ్చే డబ్బు. ఆ ఖర్చుల లెక్క నా దగ్గర లేదు కాబట్టి బేరం మంచిదా కాదా అని నేను చెప్పలేదు. పైగా ఇది ఒక్క సీజన్ లెక్క. వచ్చే ఏడు రేటెలా ఉంటుందో ఇది చెప్పదు.

ఆయన అడిగింది సగటు ఒక్కటే. పేజీడు పాఠం పంపితే చదవరని తెలుసు. అందుకని ఆన్సర్ ముందు పెట్టి, నేను చేసిన మార్పులు కింద మూడు లైన్లలో రాశాను:

"సగటు కిలోకి 31 రూపాయల 70 పైసలు బాబాయ్.
ఏ రోజు ఎంత బరువు పోయిందో దాన్నిబట్టి వేశాను. బరువు చూడకపోతే 34.60 వస్తుంది, అది నమ్మొద్దు.
రాలిన కాయ, లారీ రాని రోజు కలపలేదు. మే 13 రేటు టన్నుకి అనుకున్నాను.
కూలి, లారీ, కమీషన్ ఇంకా తీయలేదు."

ఐదు నిమిషాలకి రిప్లై వచ్చింది. "కూలీ లారీ లెక్క పిన్ని పుస్తకంలో ఉంది, ఫొటో పెడతా."

ఫొటో వచ్చింది. అందులో కొన్ని రోజుకి, కొన్ని ట్రిప్పుకి, ఒకటి "టీలతో కలిపి" అని ఉంది. ఈసారి కోడ్ రాయలేదు. ముందు ఫోన్ చేశాను.