కంపెనీ మేనేజరుకు విందు ఉత్తరం రాసేటప్పుడు

డిసెంబరు మధ్యలో ధనుర్మాసం మొదలవగానే మన వైపు పెళ్లిళ్లు ఆగిపోతాయి. పెళ్లి వంటల కోసం కుదుర్చుకున్న వంటమేస్త్రీలకు, వడ్డన కుర్రాళ్లకు సంక్రాంతి దాటేదాకా పని తగ్గిపోతుంది. హండీలు బోర్లించి పెట్టి ఉంటాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే కంపెనీలు సంవత్సరాంతపు విందులు పెట్టుకుంటాయి. జీడిమెట్ల, బాలానగర్, పటాన్‌చెరు ఫ్యాక్టరీలైనా, మాదాపూర్ ఆఫీసులైనా అంతే. ఆ పని మనకు రావాలంటే ముందు వెళ్లాల్సింది ఒక ఉత్తరం. హైదరాబాదులో రెస్టారెంటు నడుపుతూ ఏటా ఇలాంటి ఉత్తరాలు పంపినవాణ్ణి. ఇప్పుడు ఈ వ్యాపారంలోకి వస్తున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు అడుగుతున్నారు కాబట్టి, నాకు తెలిసింది రాస్తున్నాను.

1. ఉత్తరం చదివేవారికి ఆ పూట ఆకలి ఉండదు

మన బిర్యానీ ఘుమఘుమల గురించి పేరా రాస్తే మేనేజరు గారు దాన్ని దాటేసి ధర ఎక్కడుందో వెతుకుతారు. ఆయనకు కావలసింది వేరు. ఈ కాగితాన్ని పైవాళ్ల ముందు పెట్టి ఒప్పించాలి, అకౌంట్సు వాళ్లు అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పాలి, విందు రోజు ఏ లోటు జరిగినా నూరు మంది ముందు మాట పడాలి. అందుకే ఉత్తరం ఒక పేజీ, మెనూ ధరల పట్టిక ఇంకో పేజీ చాలు. మొదటి పేజీలోనే మన ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు నంబరు, జీఎస్టీ నంబరు, పాన్, ఉంటే ఉద్యమ్ నంబరు రాయాలి. వెండరుగా నమోదు చేసుకోవడానికి ఎలాగూ ఇవే అడుగుతారు. ముందే ఇస్తే మేనేజరుకు ఒక వారం మిగులుతుంది.

2. నవంబరు మొదటి వారం దాటనివ్వకండి

చాలా కంపెనీల్లో మూడు కొటేషన్లు తెప్పించి, పోల్చి, ఆమోదం తీసుకుని, ఆ తర్వాతే ఆర్డరు కాగితం ఇస్తారు. డిసెంబరు పదో తేదీన అందిన ఉత్తరం ఎంత బాగున్నా నాలుగోదైపోతుంది.

తేదీ విషయంలో మనమే ఒక సలహా రాయడం మంచిది. సోమ, గురు, శనివారాల్లో మాంసం ముట్టనివాళ్లు మన దగ్గర చాలామంది. శుక్రవారం మధ్యాహ్నం విందు పెడితే ముస్లిం ఉద్యోగులు నమాజుకు వెళ్లి వచ్చేసరికి గిన్నెలు అడుగంటుతాయి. శుక్రవారమే కావాలంటే వడ్డన రెండు గంటల తర్వాత మొదలుపెట్టమని, లేదంటే బుధవారం పెట్టుకోమని రాస్తాను. ఇంతవరకు ఏ మేనేజరూ ఈ మాటకు నొచ్చుకోలేదు.

3. మూడు ప్యాకేజీలు, ఒకటే నాణ్యత

గోల్డు, ప్లాటినం పేర్లు పెట్టి ఏది ఎందుకు ఎక్కువో చెప్పకపోతే అకౌంట్సు వాళ్లకు అనుమానం వస్తుంది. తక్కువ ప్యాకేజీలో నాసిరకం బియ్యం, ఎక్కువ ప్యాకేజీలో మంచి బియ్యం అనే పద్ధతి నాకు ససేమిరా నచ్చదు. బియ్యం, నూనె, మాంసం మూడింట్లోనూ ఒకటే ఉండాలి. మారాల్సింది వంటకాల సంఖ్య, మనుషుల సేవ. మొదటిదాంట్లో ఒక స్టార్టరు, చికెన్ బిర్యానీ, వెజ్ బిర్యానీ, మిర్చీ కా సాలన్, రైతా, పెరుగన్నం, ఒక స్వీటు. రెండోదాంట్లో ఇంకో స్టార్టరు, రోటీ, ఒక శాకాహార కూర, ఒక మాంసాహార కూర అదనం. మూడోదాంట్లో చికెన్ బదులు మటన్ బిర్యానీ, ఖుబానీ కా మీఠా, బల్ల దగ్గరకే తెచ్చి వడ్డించే మనుషులు. ప్లేట్లు, నీళ్ల సీసాలు, రవాణా, వడ్డన, శుభ్రం చేయడం ధరలో ఉన్నాయో లేవో ఒక్కొక్కటిగా రాయండి. బల్లలు, కుర్చీలు, షామియానా లేకపోతే లేవని రాయండి.

4. తిననివాళ్ల గురించి ముందే అడగండి

డిసెంబరంటే అయ్యప్ప దీక్షల కాలం. ప్రతి ఆఫీసులోనూ మాల వేసుకున్నవాళ్లు ఉంటారు. వాళ్లలో చాలామంది బయటి వంట అసలు ముట్టరు. వాళ్లకు ఉల్లి, వెల్లుల్లి లేని వంట ప్రత్యేకంగా చేస్తామని ఘనంగా రాసి, అదే వంటింట్లో మాంసం పక్కన వండితే అది మోసమే. పళ్లు, కొబ్బరినీళ్లు, డ్రైఫ్రూట్లు విడిగా పెడతాం, ఎంతమందికో చెప్పండి అని రాయడం నిజాయితీగా ఉంటుంది. జైనులైన ఉద్యోగులుంటే దుంపలు కూడా పనికిరావు. మాంసం హలాలా కాదా అన్నది అడిగించుకోకుండా ఒక వాక్యంలో చెప్పేయాలి.

శాకాహారం లెక్కలో కొత్తవాళ్లు తరచూ దెబ్బతింటారు. నూట ఇరవై మందిలో ముప్పై మంది శాకాహారులని కంపెనీ రాసిస్తుంది. మనం ముప్పై మందికే వండితే సగం వడ్డనకే అయిపోతుంది. మాంసం తినేవాళ్లు కూడా వెజ్ బిర్యానీ రెండు గరిటెలు, పనీర్ రెండు ముక్కలు వేసుకుంటారు మరి. ముప్పై అంటే నేను యాభై మందికి వండిస్తాను. శాకాహార కౌంటరు విడిగా, గరిటెలు విడిగా ఉంచి, శాకాహారులు వడ్డించుకున్నాకే మిగతావారికి అని కంపెనీవాళ్ల చేతనే ఒక మాట చెప్పిస్తాను.

5. పొయ్యి వెలిగించవచ్చా?

ఉత్తరంలో తప్పకుండా ఉండాల్సిన ప్రశ్న ఇది. జీడిమెట్ల వైపు మందుల ఫ్యాక్టరీ ఒకదాన్ని ఉదాహరణగా తీసుకోండి. నూట ఇరవై మంది, మధ్యాహ్న భోజనం. అలాంటిచోట సాల్వెంట్లు నిల్వ ఉంటాయి కాబట్టి గేటు లోపల మంట నిషేధం. గ్యాసు సిలిండరు లోపలికి రాదు. బఫే గిన్నెల కింద వెలిగించే జెల్ డబ్బా కూడా మంటే కదా, అదీ రాదు. ఈ సంగతి విందు రోజు గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్లు చెప్పాకే తెలిస్తే చేయగలిగింది ఏమీ ఉండదు.

ముందే తెలిస్తే మెనూయే మారుతుంది. పొడిగా వేయించిన చికెన్ 65ను మూత పెట్టి వేడిగా తీసుకెళితే ఆవిరి మూతకు తగిలి నీరై ముక్క మెత్తబడుతుంది. మూత తీస్తే చల్లారిపోతుంది. అందుకని అక్కడికి పెరుగు, కరివేపాకు తాలింపులో తిప్పిన చికెన్ 65 పంపాలి. దాని రుచి తడిలోనే ఉంటుంది కాబట్టి గంట ప్రయాణం తట్టుకుంటుంది. జెల్ డబ్బాల బదులు కరెంటు మీద వేడిగా ఉంచే గిన్నెలు కావాలి. వాటికి ఎన్ని ప్లగ్గులు ఉన్నాయి, ఆ లైను ఎంత లోడు మోస్తుందో వాళ్ల ఎలక్ట్రీషియన్‌ను అడగాలి. అన్నీ ఒకే ప్లగ్గుకు తగిలిస్తే ఫ్యూజు పోతుంది. వేడి వంటకం 60 డిగ్రీలకు పైనే ఉండాలి. అంతకంటే తగ్గి గంటలకొద్దీ నిలవుంటే కడుపు పాడుచేస్తుంది. చిన్న థర్మామీటరు ఒకటి వడ్డన కుర్రాడి జేబులో ఉంచండి.

ఇలాంటి చోటికి కచ్చీ దమ్ బిర్యానీ చక్కగా సరిపోతుంది. తొంభై మందికి, పక్కన ఇతర వంటకాలు ఉన్నప్పుడు, పదకొండు కిలోల బాస్మతి, పద్నాలుగు కిలోల చికెన్ వేసుకుంటాను. దీన్ని రెండు హండీల్లో చేయిస్తాను. ఒకే పెద్ద హండీలో అడుగు మాడి, పైన ముక్క ఉడకని ప్రమాదం ఉంది. పైగా రెండో హండీని వడ్డన సగమయ్యేదాకా తెరవకపోతే చివర తినేవారికీ వేడిగానే దొరుకుతుంది. ఒంటిగంట వడ్డనకు పదకొండున్నరకల్లా దమ్ పూర్తవ్వాలి. పిండితో మూసిన మూత తీయకుండా వ్యాను ఎక్కించి, ఫ్యాక్టరీలో మేనేజరు గారి ఎదుటే తెరవాలి. రైతా, పెరుగన్నం మాత్రం ఐసు పెట్టెలో వెళ్లాలి.

వచ్చే మనుషుల పేర్లు, ఆధార్ వివరాలు, వ్యాను నంబరు గేటు పాసు కోసం ఎప్పటిలోగా కావాలో కూడా ఆ ఉత్తరంలోనే అడిగేయండి.

6. తలల లెక్క, డబ్బు లెక్క

నూట ఇరవై అన్నవాళ్లు నూరు మందే రావచ్చు. నూట ముప్పై రావచ్చు కూడా. ఉత్తరంలో మూడు వాక్యాలుంటే గొడవ ఉండదు: కనీస హామీ నూట పది ప్లేట్లు, తుది సంఖ్య మూడు రోజుల ముందు చెప్పాలి, ఆ సంఖ్య మీద అయిదు శాతం వరకు అదనంగా వండి తెస్తాం, తిన్నదానికే అదే ధర. అంతకు మించి వస్తే మాట ఇవ్వలేం. కచ్చీ బిర్యానీని అప్పటికప్పుడు పెంచడం ఎవరివల్లా కాదు.

లెక్క ప్లేట్లతోనే తేలాలి. నూట నలభై ప్లేట్లు తెచ్చామని వడ్డన మొదలవకముందే కంపెనీ మనిషి ఎదుట లెక్కపెట్టి సంతకం తీసుకోండి. చివర వాడనివి లెక్కపెట్టి తీసేయండి. ఒక కంపెనీతో ఈ విషయంలో వచ్చిన తగవు నెలల తరబడి తేలలేదు. ఆ తర్వాత సంతకం లేకుండా నేను మూత తెరిపించలేదు.

డబ్బు ఇలా రాయండి. ప్లేటు 650 రూపాయల చొప్పున నూట ఇరవైకి 78,000. మనలాంటి మామూలు రెస్టారెంటు కేటరింగుకు జీఎస్టీ 5 శాతం, అంటే 3,900. మొత్తం 81,900. భోజనం మీద కట్టిన ఈ జీఎస్టీకి కంపెనీకి సాధారణంగా క్రెడిట్ రాదు. అందుకే పన్నుతో కలిపిన ధరనే వాళ్లు పోల్చి చూస్తారు. పన్ను అదనం అని చిన్న అక్షరాల్లో దాచడం వల్ల లాభం లేదు. కేటరింగు కాంట్రాక్టు మీద వాళ్లు టీడీఎస్ పట్టుకుంటారు. సొంత పేరు మీద నడిపే వ్యాపారానికి 1 శాతం, భాగస్వామ్య సంస్థకైతే 2. జీఎస్టీ విడిగా చూపితే కోత 78,000 మీదే, అంటే 780. చేతికి వచ్చేది 81,120. ఆ 780 ఎక్కడికీ పోదు, మన ఆదాయపు పన్నులో జమవుతుంది. సగం అడ్వాన్సు అడగండి. మిగతాది బిల్లిచ్చిన ఎన్ని రోజుల్లో ఇస్తారో రాయించుకోండి. ఉద్యమ్‌లో నమోదైన చిన్న వ్యాపారికి చట్టం ప్రకారం ఒప్పందం ఉన్నా 45 రోజులు మించకూడదు.

7. నేను పంపే ఉత్తరం

"గౌరవనీయులైన మేనేజరు గారికి, నమస్కారం. మీ సంస్థ సంవత్సరాంతపు విందుకు మా రెస్టారెంటు తరఫున మూడు ప్యాకేజీలు జతపరుస్తున్నాం. మూడింటిలోనూ సరుకుల నాణ్యత ఒకటే. వంటకాల సంఖ్య, వడ్డన పద్ధతి మారతాయి. పన్నుతో కలిపిన ధరలు రెండో పేజీలో ఉన్నాయి. మీ ఆవరణలో మంటకు అనుమతి ఉందా, కరెంటు ప్లగ్గులు ఎన్ని, శాకాహారులు, దీక్షలో ఉన్నవారు ఎందరు అన్నది తెలియజేస్తే మెనూ దానికి తగ్గట్టు సరిచేస్తాం. నిర్ణయానికి ముందు మీరూ మరో ముగ్గురూ మా దగ్గరికి వచ్చి, విందులో పెట్టబోయే వంటనే రుచి చూడవలసిందిగా కోరుతున్నాం. విందు రోజు మొదటి నుంచి చివరి వరకు నేను స్వయంగా అక్కడ ఉంటాను."

ఆ చివరి వాక్యం నిలబెట్టుకోగలిగితేనే రాయండి. ఒకే రోజు రెండు చోట్ల విందులు ఒప్పుకుంటే ఏదో ఒక చోట ఉండలేరు. అలాంటప్పుడు రెండో కంపెనీకి వేరే తేదీ అడుగుతూ ఉత్తరం పంపండి.