అమ్మకం విలువ వేరు, లాభం వేరు

క్రిప్టో, షేర్ల లాభాలు రిటర్నులో చూపలేదని ఆదాయపన్ను నోటీసు వస్తే, ముందు వార్షిక సమాచార నివేదిక చూడాలి. అందులో కనిపించేది చాలావరకు అమ్మకం విలువే. కొన్న ధరను లావాదేవీల లెడ్జరుతో మనమే రుజువు చేయాలి.

60,000 రూపాయలకు కొన్న ఒక కాయిన్, 1,25,000కు కొన్న మరొకటి చెరో లక్షకు అమ్మారనుకుందాం. నివేదికలో 2,00,000 ఉంటుంది. నికరంగా మిగిలింది 15,000. పన్ను మాత్రం 40,000 లాభంపైనే! 1961 చట్టం 115బీబీహెచ్ సెక్షన్ ప్రకారం క్రిప్టో నష్టాన్ని మరో కాయిన్ లాభంలోంచి తీసేయడం కుదరదు. ఇక్కడే పన్ను చెల్లింపుదారులు పొరబడతారు. 30 శాతం చొప్పున 12,000, దానిపై 4 శాతం సెస్సు 480. ఎక్స్ఛేంజి 1 శాతం టీడీఎస్‌గా 2,000 కోసి ఉంటే అది ఇందులోంచి తగ్గుతుంది.

షేర్లకు బ్రోకరు స్టేట్‌మెంటును విడిగా జతచేయాలి. షేర్ల నష్టం కూడా క్రిప్టో లాభాన్ని తగ్గించదు.