పార్టీ దివాలాకెక్కినప్పుడు: మాలు ఇచ్చినవాడికి ఏడు అనుభవ పాఠాలు

ఫాక్‌లాండ్ రోడ్డుకు అటూ ఇటూ, కామాఠిపుర గల్లీల్లో, మన చాళ్ల కింది గాలాల్లో సంచులు, యూనిఫాంలు, ప్యాకింగ్ డబ్బాలు చేసి పెద్ద కంపెనీలకు వేసే తెలుగువాళ్ల ఖాతాలు రాస్తూ ముసలివాణ్ణయ్యాను. ఈమధ్య చాలామంది తమ్ముళ్లు ఒకే మాట పట్టుకుని వస్తున్నారు: "పార్టీ ఎన్‌సీఎల్‌టీకి వెళ్లిందట, మన పైసలు వస్తాయా అన్నా?" అందరికీ కలిపి జవాబు రాస్తున్నాను. లెక్క తేలికగా ఉండడానికి ఒక సంచుల కార్ఖానాకు ఒక దుకాణాల కంపెనీ నుంచి 18,40,000 రూపాయలు రావాలి అనుకుందాం. ఆ కార్ఖానా తమ్ముడికి ఏం చెబుతానో అదే మీకూ చెబుతాను.

1. బాకీ ఎగ్గొట్టే సూచనలు కనబడ్డప్పుడే కాగితం పుట్టించు.

2016 దివాలా చట్టంలో మాలు గానీ సేవ గానీ ఇచ్చి డబ్బు రావాల్సినవాణ్ణి ఆపరేషనల్ క్రెడిటర్ అంటారు. అప్పిచ్చిన బ్యాంకు ఫైనాన్షియల్ క్రెడిటర్. మనం ముందుగా డిమాండ్ నోటీసు ఇవ్వాలి, కంపెనీకి పది రోజుల గడువు ఇవ్వాలి. అప్పటికీ డబ్బు రాకపోతే ట్రిబ్యునల్‌లో అర్జీ వేయవచ్చు. కానీ 2020 మార్చి 24 నుంచి బాకీ కనీసం కోటి రూపాయలు ఉంటేనే ఆ అర్జీ చెల్లుతుంది. అంతకు ముందు లక్ష ఉంటే చాలు. కాబట్టి 18 లక్షలవాడు తనంతట తాను కంపెనీని అక్కడికి లాగలేడు. అతని దారి ఎంఎస్ఎంఈ ఫెసిలిటేషన్ కౌన్సిల్, లేదా సివిల్ కోర్టు. కౌన్సిల్‌కు వెళ్లాలంటే మాలు ఇచ్చేనాటికే ఉద్యం రిజిస్ట్రేషన్ చేసి ఉంచుకోవాలి.

కోటి దాటినవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. నోటీసు అందకముందే కంపెనీ "కుట్టు బాగాలేదు, లెక్క తేడా ఉంది" అని రాసి ఉంటే అర్జీ నిలవదు. 2017లో మొబిలాక్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే: వివాదం నిజంగా ముందునుంచీ ఉంటే చాలు, ఎవరిది న్యాయమో ట్రిబ్యునల్ తేల్చదు. అందుకే డెబిట్ నోటు వచ్చిన వారంలోనే రాతపూర్వకంగా జవాబివ్వండి. ఏటా మార్చి 31 నాటి ఖాతా నిల్వకు పార్టీతో సంతకం చేయించుకోండి. బాకీ మూడేళ్లు దాటి పాతబడిపోకుండా కూడా ఆ సంతకమే కాపాడుతుంది.

2. ట్రిబ్యునల్ అర్జీని స్వీకరించిన తేదీని గోడ మీద రాసి పెట్టుకో.

ఈ వ్యవహారమంతా ఆ ఒక్క తేదీ మీదే నడుస్తుంది. అర్జీ వేసిన రోజు కాదు, పేపర్లో వచ్చిన రోజు కాదు, ట్రిబ్యునల్ దాన్ని స్వీకరిస్తూ ఉత్తర్వు ఇచ్చిన రోజు. ఆ రోజునుంచి మారటోరియం మొదలవుతుంది. కంపెనీ మీద మీరు వేసిన దావా ఆగుతుంది, గెలిచిన డిక్రీ అమలు ఆగుతుంది, కౌన్సిల్‌లో కేసు ఆగుతుంది. బ్యాంకు కూడా తాకట్టు ఆస్తి అమ్ముకోలేదు. డైరెక్టర్ల బోర్డు అధికారం పోయి, ట్రిబ్యునల్ నియమించిన రిజల్యూషన్ ప్రొఫెషనల్ చేతికి కంపెనీ వస్తుంది.

గోడౌన్ ముందు టెంపో పెట్టి మన మాలు మనం తెచ్చేసుకుందాం అని కొందరు కుర్రవాళ్లు ఆవేశపడతారు. అమ్మి బిల్లు వేసిన మాలు కంపెనీదే, దాని మీద చెయ్యి వేయకూడదు. ఒకవేళ అమ్మకుండా, దాచడానికో నమూనాగానో ఇచ్చి, చలాన్ మీద ఆ మాట రాసుకుని ఉంటే అది మీ సొత్తే. ఆ చలాన్ చూపించి రిజల్యూషన్ ప్రొఫెషనల్‌ను రాతపూర్వకంగా అడగండి.

3. చెక్కు మీద సంతకం పెట్టిన మనిషిని వదలకు, కానీ ఆలస్యం చేయకు.

మారటోరియం కంపెనీకి గొడుగు పడుతుంది, మనుషులకు కాదు. 2021 మార్చి 1న పి. మోహన్‌రాజ్ కేసులో సుప్రీంకోర్టు ఈ గీత గీసింది: బౌన్సైన చెక్కు కేసు కంపెనీ మీద ఆగుతుంది, సంతకం చేసిన డైరెక్టర్ల మీద నడుస్తుంది. వ్యక్తిగత హామీ రాసిచ్చినవాడికి కూడా ఆ గొడుగు లేదు.

ఇక్కడా ఆ తేదీయే ముఖ్యం. చెక్కు తిరిగొచ్చినట్టు బ్యాంకు చెప్పిన 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలి. నోటీసు అందాక 15 రోజులు గడిచినా డబ్బు రాకపోతేనే నేరం పూర్తయినట్టు. ఆ 15 రోజులు నిండకముందే కంపెనీ రిజల్యూషన్ ప్రొఫెషనల్ చేతికి పోతే, డబ్బు కట్టే అధికారం డైరెక్టరుకు లేదు కాబట్టి అతని మీద కేసు నిలవదని 2025 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పింది. "వచ్చే వారం మళ్లీ వెయ్యి షేఠ్" అనే మాట నమ్మి చెక్కును బీరువాలో పెట్టుకున్నవాళ్లు పోగొట్టుకునేది ఈ హక్కునే.

4. ఫారం బి వేయనివాడి బాకీ లెక్కలో లేనట్టే.

నియామకం అయిన మూడు రోజుల్లో రిజల్యూషన్ ప్రొఫెషనల్ పత్రికల్లో ప్రకటన ఇస్తాడు. ఆ ప్రకటన ibbi.gov.in లోనూ ఉంటుంది. క్లెయిమ్ వేయడానికి మామూలు గడువు నియామకం నుంచి 14 రోజులే. మన కోవకు చెందినవాళ్లకు ఫారం బి. మొత్తం బాకీ ఎంతో స్వీకరణ తేదీ నాటికి లెక్క కట్టాలి. ఆ తర్వాతి వడ్డీ ఇందులో కలవదు. జత చేయాల్సినవి: ఆర్డర్ కాగితం, బిల్లులు, అందినట్టు ముద్ర ఉన్న చలాన్లు, ఈ-వే బిల్లులు, ఆ బిల్లులు కనబడే జీఎస్టీ రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంట్. ఖాతా నిల్వ మీద పార్టీ సంతకం ఉంటే పని సగం అయినట్టే.

గడువు తప్పినా కొంత వీలుంది: 90 రోజుల వరకు, లేదా కొనేవాళ్లనుంచి ప్లాన్లు పిలిచే పత్రం వెలువడేవరకు, ఏది తర్వాతైతే అది. ఆలస్యానికి కారణం మాత్రం చెప్పాలి. వేశాక ఊరుకోకూడదు. కంపెనీ వెబ్‌సైట్లో రుణదాతల జాబితా పెడతారు, అందులో మీ పేరు ఎదురుగా ఎంత ఒప్పుకున్నారో చూడండి. 18,40,000కు బదులు 11 లక్షలే కనబడితే ఏ బిల్లు కొట్టేశారో అడగండి. జవాబు రాకపోతే ట్రిబ్యునల్‌కు చెప్పుకోవచ్చు. ప్లాన్ ఆమోదం పొందాక, అందులో లేని బాకీలన్నీ శాశ్వతంగా రద్దయినట్టేనని 2021 ఏప్రిల్‌లో ఘనశ్యామ్ మిశ్రా కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది.

5. కమిటీలో మనకు ఓటు లేదు. అది తెలుసుకునే మాట్లాడు.

కంపెనీ ఎవరికి అమ్మాలో, ఎంతకు అమ్మాలో తేల్చేది రుణదాతల కమిటీ. అందులో కూర్చునేది బ్యాంకులు మొదలైన ఫైనాన్షియల్ క్రెడిటర్లు. ప్లాన్ నెగ్గడానికి 66 శాతం ఓటు కావాలి, ఆ శాతం ఇచ్చిన అప్పును బట్టి. ఆపరేషనల్ క్రెడిటర్ల బాకీలన్నీ కలిపి మొత్తం అప్పులో పదో వంతు ఉంటే మన తరఫున ఒకరు కూర్చుని వినవచ్చు, మాట్లాడవచ్చు, చెయ్యెత్తలేరు. ఈ తేడా అన్యాయమని 2019 జనవరిలో స్విస్ రిబ్బన్స్ కేసులో వాదించారు, సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు.

కమిటీ బలమెంతో ఎస్సార్ స్టీల్ చూపించింది. ఆఫీసు మనకు కూతవేటు దూరంలోని మహాలక్ష్మిలో, ఫ్యాక్టరీ హజీరాలో. 2017 ఆగస్టులో దాని దివాలా ప్రక్రియ మొదలైంది. ఆర్సెలార్ మిత్తల్ 42,000 కోట్ల ప్లాన్ తెచ్చింది. కోటి లోపు బాకీ ఉన్న సప్లయర్లకు పూర్తిగా ఇచ్చారు, పెద్ద సప్లయర్లకు దాదాపు ఏమీ మిగల్చలేదు. తర్వాత కమిటీ వాళ్ల కోసం 1,000 కోట్లు ఒప్పుకుంది. 2019 జూలైలో అప్పిలేట్ ట్రిబ్యునల్ బ్యాంకులకూ సప్లయర్లకూ సమానంగా 60.7 శాతం పంచమంది. నవంబర్ 15న సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టేసింది. పంపకం కమిటీ వ్యాపార నిర్ణయం, అన్ని రకాల రుణదాతల మేలు ఆలోచించిందా లేదా అన్నదే కోర్టు చూస్తుంది అంది. అందుకే మనం కోర్టు మెట్ల మీద కంటే ప్లాన్ తయారయ్యేటప్పుడే అడగాలి: చిన్న బాకీలను వేరే తరగతిగా పెట్టండి, పూర్తిగా తీర్చండి అని. ఎస్సార్‌లో చిన్నవాళ్లను కాపాడింది ఆ తరగతే.

6. ఎంత వస్తుందో ముందే లెక్క కట్టుకో.

ప్లాన్‌లో మనకివ్వాల్సిన కనీస మొత్తానికి చట్టం ఒక కొలత పెట్టింది: కంపెనీని విప్పి అమ్మితే మన వంతుకు వచ్చేది, లేక ప్లాన్ సొమ్మును చట్టంలోని వరుసలో పంచితే వచ్చేది, ఏది ఎక్కువైతే అది. మన ఉదాహరణ తీసుకోండి. ప్లాన్ విలువ 50 కోట్లు అనుకుందాం. ముందుగా ప్రక్రియ ఖర్చులు 2 కోట్లు పోతాయి. మిగిలిన 48 కోట్లను కార్మికుల 3 కోట్ల బాకీ, తాకట్టున్న బ్యాంకుల 80 కోట్ల బాకీ సమానస్థాయిలో పంచుకుంటాయి. అక్కడే ఖాళీ. ఉద్యోగులు, తాకట్టు లేని అప్పులు, ప్రభుత్వ బాకీలు దాటాక వచ్చే మన వరుసకు కొలత ప్రకారం సున్న.

అయినా కొనేవాడికి రేపు సంచులు కావాలి. కాబట్టి సప్లయర్ల 12 కోట్ల బాకీకి 60 లక్షలు పక్కన పెట్టాడనుకోండి, అది 5 శాతం. 18,40,000కు 92,000. ఆ డబ్బు మాత్రం బ్యాంకుల కంటే ముందు మనకే ఇవ్వాలని నిబంధన. ఎంత ఆలస్యంగా? చట్టం 330 రోజులంటుంది. జెట్ ఎయిర్‌వేస్ 2019 జూన్‌లో ముంబై బెంచ్‌లో చేరితే, 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు లిక్విడేషన్‌కు పంపింది. ఆ డబ్బును నమ్ముకుని పిల్ల పెళ్లి గానీ కొత్త మిషన్ గానీ పెట్టుకోవద్దు.

7. పాత బాకీ వేరు, కొత్త మాలు వేరు.

స్వీకరణ తేదీ తర్వాత రిజల్యూషన్ ప్రొఫెషనల్ ఆర్డర్ మీద వేసిన మాలు ప్రక్రియ ఖర్చులోకి వస్తుంది. పై లెక్కలో అందరికంటే ముందు తీసిన ఆ 2 కోట్లలో అది భాగం, పూర్తిగా తీరాలి. అదే కంపెనీ, అదే సంచి, కానీ తేదీకి ఇవతలిది రూపాయికి అయిదు పైసలు, అవతలిది రూపాయికి రూపాయి. అందుకని భయపడి వ్యాపారం మానెయ్యకండి. ఆర్డర్ రిజల్యూషన్ ప్రొఫెషనల్ సంతకంతో రావాలి. వేరే బిల్లు పుస్తకం, వేరే ఖాతా పేజీ పెట్టండి. ముందు డబ్బు, లేదా వారం ఉధారీ మాత్రమే. వచ్చిన కొత్త డబ్బును పాత బాకీలో జమ చేసుకోవద్దు, అది చెల్లదు. కంపెనీ నడవడానికి మీ మాలు తప్పనిసరి అని అతను తేల్చితే సరఫరా ఆపడానికి వీలుండదు, కానీ ఆ కాలపు బిల్లు అతను కట్టి తీరాలి. ఒక్క బిల్లు ఆగినా ఆ వారమే రాసి అడగండి. రెండోసారి ఉధారీ పెరగనిస్తే, ప్రక్రియ విఫలమై లిక్విడేషన్ వచ్చిన రోజున మళ్లీ క్లెయిమ్ కాగితాలు పట్టుకుని తిరగాల్సి వస్తుంది.