సీసా మీది ఫార్ములా చదివాకే తూకం

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి డిగ్రీ కాలేజీల్లో కెమిస్ట్రీ చదివినవారికి ల్యాబ్ ఉద్యోగాలు ప్రధానంగా మూడు వైపుల ఉంటాయి. తాగునీటి పరీక్షా కేంద్రాలు ఒకటి. భూపాలపల్లి దగ్గర చెల్పూరులో 500, 600 మెగావాట్ల యూనిట్లున్న కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం లాంటి చోట బాయిలర్ నీటిని చూసే రసాయన విభాగం రెండోది. హైదరాబాద్ చుట్టూ ఉన్న మందుల కంపెనీల క్వాలిటీ కంట్రోల్ మూడోది. ఈ మూడు చోట్లా మిమ్మల్ని పరీక్షించడానికి సరిపోయే చిన్న పని ఒకటుంది: 0.01 మోలార్ ఈడీటీఏ ద్రావణం ఒక లీటరు కచ్చితంగా తయారుచేయడం. నీటి కాఠిన్యత కొలిచేది దీనితోనే. 3.72 గ్రాములు తూచి లీటరుకు నింపాలని రికార్డు బుక్కులో చదివినవారు వెంటనే చెప్పగలరు. ఆ 3.72 ఎక్కడి నుంచి వచ్చింది, ఏ సీసాకు అది చెల్లదు అనే ప్రశ్నకు జవాబు చెప్పగలిగినవారికే ఆ ద్రావణాన్ని అప్పగించవచ్చని నా అభిప్రాయం. అందుకు కారణాలున్నాయి.

మామూలుగా ల్యాబ్‌లో దొరికే ఈడీటీఏ డైసోడియం లవణంలో ప్రతి అణువుతో పాటు రెండు నీటి అణువులు స్ఫటికంలోనే ఇమిడి ఉంటాయి. పొడి చేతికి పొడిగానే తగులుతుంది, తడి ఎక్కడా కనిపించదు. కానీ త్రాసు ఆ నీటిని కూడా తూస్తుంది. నీరు లేని లవణం మోలార్ ద్రవ్యరాశి 336.21. రెండు నీటి అణువులకు 36.03 కలిపితే 372.24. అంటే సీసాలోంచి తీసిన ప్రతి వంద గ్రాముల్లో దాదాపు 9.7 గ్రాములు నీరే. ఒక లీటరు 0.01 మోలార్ ద్రావణానికి 0.01 మోల్ కావాలి కాబట్టి 372.24ను 0.01తో గుణించి 3.722 గ్రాములు తూస్తాం. సీసా మీద స్వచ్ఛత 99 శాతం అని ఉంటే 3.722ను 0.99తో భాగించి 3.760 గ్రాములు తీసుకుంటాం. నీటి సవరణ తూకంతోనే అయిపోతుంది. స్ఫటికంలోంచి వచ్చిన నీరు కూడా ఫ్లాస్కులోని నీటిలో కలుస్తుంది, మనం గీత వరకే నింపుతాం కాబట్టి ఘనపరిమాణానికి మరో సవరణ అక్కర్లేదు. లవణాన్ని బీకరులో వేసి పైన కొలిచిన లీటరు నీళ్లు పోస్తే మాత్రం లెక్క తప్పుతుంది. ముందు కొంచెం డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించి, వాల్యూమెట్రిక్ ఫ్లాస్కులోకి మార్చి, బీకరు కడిగిన నీళ్లూ అందులోనే పోసి, చివర చుక్కచుక్కగా గీతకు చేర్చాలి.

ఈ నీటిని మరచిపోతే ఏం జరుగుతుందో ఒక నమూనాతో చూద్దాం. నేల కింద రాయి ఉన్న ప్రాంతపు బోరు నీరు ఒకటి తీసుకుందాం, దాని నిజమైన కాఠిన్యత కాల్షియం కార్బోనేట్ లెక్కలో లీటరుకు 190 మిల్లీగ్రాములు అనుకుందాం. భారత తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఆమోదయోగ్య పరిమితి 200. వేరే మూలం లేకపోతే 600 వరకు అనుమతిస్తారు. సరైన 0.01 మోలార్ ద్రావణం ఒక మిల్లీలీటరు సరిగ్గా ఒక మిల్లీగ్రాము కాల్షియం కార్బోనేట్‌కు సమానం. 50 మిల్లీలీటర్ల నమూనాలో 9.5 మిల్లీగ్రాములుంటాయి, బ్యూరెట్ 9.5 దగ్గర ఆగుతుంది. ఇప్పుడు ఎవరో పాఠ్యపుస్తకంలోని నీరు లేని ఫార్ములా చూసి 336.21తో లెక్క కట్టి, నీరున్న లవణాన్ని 3.362 గ్రాములు తూచారు. ద్రావణం నిజానికి 0.00903 మోలార్. లేబుల్ మాత్రం 0.01 అంటుంది. అదే నమూనాకు ఇప్పుడు 10.5 మిల్లీలీటర్లు పడతాయి, రిపోర్టులో 210 వస్తుంది. పరిమితిలోపల ఉన్న నీరు కాగితం మీద పరిమితి దాటింది. తప్పు తిరగబడినా ఇంతే. నీరు లేని లవణాన్ని 3.722 గ్రాములు తూస్తే ద్రావణం చిక్కబడుతుంది, నిజంగా 220 ఉన్న నీటికి 199 అని రిపోర్టు వెళ్తుంది. ఇది మొదటిదాని కంటే హెచ్చు అనర్థం, ఎందుకంటే సరిపోయిందని రాసిన నీటిని మళ్లీ పరీక్షించాలని ఎవరికీ తోచదు.

ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, తప్పుడు ద్రావణంతో మూడుసార్లు టైట్రేషన్ చేసినా మూడు రీడింగులూ చక్కగా ఒకేలా వస్తాయి. 10.5, 10.5, 10.5. కాలేజీ ప్రాక్టికల్స్‌లో రీడింగులు కలిస్తే పని సరిగా చేశామని నమ్మడం అలవాటవుతుంది. రీడింగులు కలవడం చేతి నిలకడను మాత్రమే చెబుతుంది. తూకంలోనే దూరిన తప్పు ప్రతి రీడింగులోనూ అంతే శాతంలో ఉంటుంది కాబట్టి వాటిని ఒకదానితో ఒకటి పోల్చి దాన్ని పట్టలేం. మరో చోటు నుంచి చూడాలి.

దీనికి అనుభవం ఉన్నవారు చెప్పే అభ్యంతరం బలమైనదే. ఈడీటీఏను ఎలాగూ కాల్షియం కార్బోనేట్‌తో ప్రామాణీకరిస్తాం కదా, తూకం కొంచెం అటూ ఇటూ అయితే ఏమిటి అంటారు. ఆరబెట్టిన కాల్షియం కార్బోనేట్‌ను ఒక గ్రాము తూచి, కొద్దిగా హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగించి, మరిగించి కార్బన్ డయాక్సైడ్ పోగొట్టి, ఆమ్లత్వాన్ని సరిచేసి లీటరుకు నింపితే ఒక మిల్లీలీటరులో ఒక మిల్లీగ్రాము ఉంటుంది. దీనిలో స్ఫటిక జలం లేదు కాబట్టి ఆధారపడదగిన కొలబద్ద. 25 మిల్లీలీటర్లకు సరైన ఈడీటీఏ 25.0 పడాలి. పైన చెప్పిన పలచని ద్రావణం 27.7 పడుతుంది. ఆ తేడా చూసినవారు ద్రావణం పారబోయాల్సిన పని కూడా లేదు, నిజమైన గాఢతను లేబుల్ మీద రాసి వాడుకోవచ్చు. ఇంతవరకు అభ్యంతరం న్యాయమైనదే. కానీ పరీక్షలో వాడే ప్రతి ద్రావణాన్నీ ప్రామాణీకరించరు. అసలు చిక్కు అక్కడుంది.

కాఠిన్యత పరీక్షలో పీహెచ్‌ను 10 దగ్గర నిలపడానికి అమోనియా బఫర్ కలుపుతాం. ఎరియోక్రోమ్ బ్లాక్ టి సూచిక రంగు స్పష్టంగా మారాలంటే నీటిలో కొంచెం మెగ్నీషియం ఉండాలి, అందుకే బఫర్‌లోనే మెగ్నీషియంను, దానికి సరిగ్గా సమానమైన ఈడీటీఏను కలిపి పెడతారు. ప్రామాణిక పద్ధతిలో 250 మిల్లీలీటర్ల బఫర్‌కు 1.179 గ్రాముల ఈడీటీఏ డైసోడియం లవణం, 0.780 గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్ తీసుకోమని ఉంటుంది. ఈ రెండు అంకెలకు పైకి ఏ సంబంధమూ కనిపించదు. మొదటిదాన్ని 372.24తో, రెండోదాన్ని 246.47తో భాగించి చూడండి, రెండూ 3.17 మిల్లీమోల్‌ల దగ్గర కలుస్తాయి. ఆ 246.47 అనేది ఏడు నీటి అణువులున్న లవణానిది, MgSO4·7H2O. అదే పద్ధతిలో దాని బదులు ఆరు నీటి అణువులున్న మెగ్నీషియం క్లోరైడ్‌ను 0.644 గ్రాములు వాడవచ్చని ఉంటుంది. 203.30తో భాగిస్తే మళ్లీ అదే 3.17. గ్రాములు మారాయి, మోల్‌లు మారలేదు.

ఆర్గానిక్ ల్యాబ్‌లో ద్రావణులను ఆరబెట్టడానికి వాడే అనార్ద్ర మెగ్నీషియం సల్ఫేట్ సీసా కూడా అదే పేరుతో, అదే తెల్లని పొడితో పక్క అరలో ఉండవచ్చు. దాని మోలార్ ద్రవ్యరాశి 120.37, సగం కంటే తక్కువ. అందులోంచి 0.780 గ్రాములు తూస్తే 6.48 మిల్లీమోల్‌ల మెగ్నీషియం వచ్చి చేరుతుంది, సగానికి పైగా జతలేకుండా మిగిలిపోతుంది. ప్రతి నమూనాకు ఒక మిల్లీలీటరు బఫర్ వేసిన ప్రతిసారీ దాదాపు 1.3 మిల్లీగ్రాముల కాఠిన్యత మన చేతులతో మనమే కలుపుతున్నట్టు. 50 మిల్లీలీటర్ల నమూనాలో అది లీటరుకు 26 మిల్లీగ్రాముల పైమాటే. దీనిని ప్రామాణీకరణ బయటపెట్టదు, పైగా కొంత కప్పిపెడుతుంది. కాల్షియం ప్రమాణానికి కూడా అదే బఫర్ వేస్తాం కాబట్టి అక్కడ 25.0 బదులు 26.3 పడుతుంది, సక్రమంగా ఉన్న ఈడీటీఏ పలచగా ఉందని మనం సవరణ రాసుకుంటాం. ఆ సవరణ పెట్టిన తర్వాత కూడా మన 190 నమూనా 206 చూపిస్తుంది. చెల్పూరు లాంటి విద్యుత్ కేంద్రంలో బాయిలర్‌కు వెళ్లే ఖనిజాలు తీసేసిన నీటిలో కాఠిన్యత దాదాపు ఉండకూడదు. ఈ బఫర్‌తో ఆ నీరు ఎప్పటికీ సున్నా చూపదు. తప్పు సీసాలో ఉంటే, రెజిన్ పని అయిపోయిందేమోనని యంత్రాన్ని అనుమానిస్తారు.

పట్టుకునే మార్గం తేలికే. 50 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్ తీసుకుని, బఫర్, సూచిక వేయండి. మోల్‌లు సరిపోయిన బఫర్ అయితే ఈడీటీఏ ఒక్క చుక్క కూడా వేయకముందే నీలం రంగు వస్తుంది. ద్రాక్ష ఎరుపు వచ్చి, నీలం కావడానికి మిల్లీలీటరుకు పైగా పట్టిందంటే బఫర్‌నో, డిస్టిల్డ్ వాటర్‌నో అనుమానించాలి. నీటిని మార్చి చూస్తే రెంటిలో ఏదో తెలిసిపోతుంది.

ఇంకో అభ్యంతరం ఉంది. సీసా మీద మోలార్ ద్రవ్యరాశి అచ్చు వేసే ఉంటుంది, చదివితే చాలదా అని. చాలావరకు చాలు, అందుకే సీసా చదవమంటున్నాను. ఇంటర్ ప్రాక్టికల్స్‌లో ఆక్జాలిక్ ఆమ్లం తుల్యభారం 63 అని, మోర్ లవణానికి 392 అని కంఠస్థం చేయించారు. 126లో రెండు నీటి అణువులు, 392లో ఆరు ఉన్నాయని ఆలోచించకుండానే మార్కులు వచ్చాయి. పనిలో చేరాక కొత్త కంపెనీ సీసా వచ్చిన రోజున ఆ కంఠస్థం మోసం చేస్తుంది. అందుకే పని పుస్తకంలో గ్రాములకు ముందు మోల్‌లు రాయండి, పక్కన సీసా మీది ఫార్ములాను నీటి అణువులతో సహా రాయండి.

అయితే లేబుల్‌కూ ఒక హద్దుంది. చాకలి సోడా స్ఫటికాల్లో పది నీటి అణువులుంటాయని ఫార్ములా అంటుంది, కానీ తెరిచిన సీసాలో మన ఎండాకాలానికి అవి నీరు వదిలి పొడిబారతాయి. అప్పుడు 286.14 అనే అంకె కాగితం మీదే మిగులుతుంది. అందుకే కచ్చితమైన పనికి ఆ స్ఫటికాలను వదిలి, ఓవెన్‌లో వేడిచేసి చల్లార్చిన అనార్ద్ర సోడియం కార్బోనేట్‌ను 105.99తో లెక్కకట్టి తూస్తారు. ఈడీటీఏ లవణం దీనికంటే స్థిరమైనదే. 80 డిగ్రీల దగ్గర ఆరబెడితే పైపై తేమ పోయి రెండు నీటి అణువులూ నిలుస్తాయి. మంచి ఉద్దేశంతోనే ఉష్ణోగ్రత బాగా పెంచితే స్ఫటిక జలం కూడా కొంత పోయి, 372కూ 336కూ మధ్య ఎక్కడో ఆగుతుంది. ఆరబెట్టే ముందూ తర్వాతా తూచి, బరువు ఒక శాతానికి మించి తగ్గిందేమో చూడటం రెండు నిమిషాల పని. లేబుల్ చిరిగి నీటి అణువుల సంఖ్య కనిపించని సీసా ఎదురైతే సుమారుగా తూచి కరిగించండి. తర్వాత కాల్షియం కార్బోనేట్ ప్రమాణంతో, ఖాళీ రీడింగు తీసేసి గాఢత కట్టండి. ఆ గాఢతను తేదీతో సహా ద్రావణం సీసా మీద రాయండి, తూకం నుంచి వచ్చిన అంకెను రాయకండి.