ఫోన్‌లో మాయమైన కరెంటు తీగ ఫ్లెక్సీ మీద ఎందుకు కనిపిస్తుంది?

మన వీడియోల థంబ్‌నెయిల్స్ కోసం గుడి ఫోటోల్లోంచి తీగలు, మైకులు ఎలా తీసేస్తామని చాలామంది అడుగుతుంటారు. తీసేయడం కన్నా, తీసేశాక సరిచూడటమే అసలు పని. ఈసారి దాని గురించే చెప్తాను.

ఒక గోపురం ఫోటో తీసుకుందాం. సైజు 6000 × 4000 పిక్సెల్స్. ఆకాశంలోంచి ఒక కరెంటు తీగ అడ్డంగా వెళ్లి, గోపురం బొమ్మల అంచుని తాకుతోంది. తీగ మందం 8 పిక్సెల్స్. హీలింగ్ బ్రష్‌తో చెరిపేశాం. ఫోన్‌లో చూస్తే తీగ ఉన్న ఆనవాలే లేదు.

కారణం సింపుల్. ఫోన్ తెర వెడల్పు 1080 పిక్సెల్స్ అనుకోండి. 6000ని 1080లోకి కుదిస్తే, ఫోటోలోని అయిదారు పిక్సెల్స్ వెడల్పు తెర మీద ఒక్క చుక్క అయిపోతుంది. రెండు పిక్సెల్స్ తప్పు ఏదైనా ఉంటే పక్కవాటితో కలిసిపోతుంది. తప్పు పోలేదు, కనబడలేదంతే.

అందుకే నేను మూడు జూమ్‌లలో చూస్తాను. ఒక్కో జూమ్‌లో ఒక్కో రకం తప్పు దొరుకుతుంది.

మొదట 25%. ఇక్కడ వివరాలు చూడొద్దు, రంగులు మాత్రమే చూడండి. చెరిపిన చోట ఆకాశం కాస్త ముదురుగా ఉందా? ఒకే మేఘం ముక్క రెండుసార్లు వచ్చిందా? ఫోటోని అద్దంలో లాగా తిప్పి చూస్తే ఇవి త్వరగా పట్టుబడతాయి, ఎందుకంటే అలవాటైన బొమ్మ మన కంటికి కొత్తగా అనిపిస్తుంది.

తర్వాత 100%. ఫోటోషాప్‌లో `Ctrl+1`, గింప్‌లో `1` నొక్కితే చాలు. ఇప్పుడు చూడాల్సింది నూగు. కెమెరా ఫోటోలో ఆకాశం కూడా పూర్తి నున్నగా ఉండదు, సన్నటి ఇసక చల్లినట్టు ఉంటుంది. బ్రష్ వేసిన చోట అది పోయి ప్లాస్టిక్‌లా కనిపిస్తే, అక్కడ మళ్లీ కొంచెం నాయిస్ కలపాలి.

చివరగా 200%. తీగ వెళ్లిన దారి పొడవునా మెల్లగా జరుపుతూ చూడండి. మన ఫోటోలో అసలు దొంగ ఇక్కడే ఉంది. కెమెరా షార్పెనింగ్ చేసినప్పుడు నల్లటి గీతకి రెండు పక్కలా 2 పిక్సెల్స్ తెల్లటి అంచు వస్తుంది. మనం తీగని చెరిపాం కానీ ఆ అంచుని వదిలేశాం. అందుకే రెండు పాలిపోయిన గీతలు పక్కపక్కనే మిగిలాయి. బ్రష్‌ని తీగ కన్నా నాలుగైదు పిక్సెల్స్ వెడల్పుగా పెట్టి మళ్లీ చెరపాలి. బొమ్మ అంచు దగ్గర మాత్రం హీలింగ్ వద్దు, రంగులు కలిపేసి మసక చేస్తుంది. అక్కడ క్లోన్ స్టాంపే వాడండి. గీత మిగిలిందో లేదో అనుమానంగా ఉంటే, పైన ఒక కర్వ్స్ లేయర్ పెట్టి ఆకాశం కాంట్రాస్ట్ బాగా పెంచండి. దాక్కున్నవన్నీ బయటికొస్తాయి. చూశాక ఆ లేయర్ తీసేయండి.

ఇక ప్రింట్. ఇదే ఫోటోని ఆరడుగుల వెడల్పు, అంటే 72 అంగుళాల ఫ్లెక్సీగా వేస్తే అంగుళానికి 83 పిక్సెల్స్ వస్తాయి. ఒక్కో పిక్సెల్ దాదాపు 0.3 మిల్లీమీటర్లు. మనం వదిలేసిన తెల్లటి అంచు ఒక్కోటి 0.6 మిల్లీమీటర్ల గీత అవుతుంది, అదీ ఆకాశం అంత పొడవునా. దగ్గర నిలబడి సెల్ఫీ తీసుకునేవాళ్లకి అది తెలిసిపోతుంది. 18 అంగుళాల ప్రింట్‌లో అదే గీత 0.15 మిల్లీమీటర్లే, పరీక్షగా చూస్తే గానీ తెలీదు.

మొత్తం ఫ్లెక్సీ వేయించకుండానే దీన్ని పరీక్షించొచ్చు. ఎడిట్ చేసిన చోట 664 × 913 పిక్సెల్స్ ముక్క కత్తిరించండి. రిజల్యూషన్ 83గా పెడితే అది 8 × 11 అంగుళాలు అవుతుంది, ఏ4 కాగితం మీద సరిపోతుంది. ప్రింట్ చేసేటప్పుడు `Fit to page` కాదు, `Actual size` ఎంచుకోండి. లేదంటే సైజు మారిపోయి పరీక్షే వృథా. మామూలు కాగితం ఇంకు పీల్చుకుని సన్నగీతల్ని దాచేస్తుంది కాబట్టి ఫోటో పేపర్ మేలు. ఆ కాగితాన్ని గోడకి అంటించి, ముందు రెండడుగుల దూరం నుంచి, తర్వాత పదడుగుల నుంచి చూడండి.

ఈ కాగితం గీతల్ని, నూగుని మాత్రమే చెప్తుంది. ఫ్లెక్సీ ఇంకు, మెటీరియల్ వేరు కాబట్టి రంగుల గురించి దీన్ని నమ్మొద్దు. వాటి కోసం షాపులోనే ఒక చిన్న ముక్క వేయించుకుని చూడాలి.

థంబ్‌నెయిల్‌కే అయితే 25% చూస్తే సరిపోతుంది. పండగ పందిరి ముందు ఫ్లెక్సీ కట్టే ఆలోచన ఉంటే మాత్రం, ఫైల్ షాపుకి పంపకముందే ఆ ఏ4 కాగితం తీసి చూడండి.